కింద ఒకటి, పైన రెండు: హిందీ, ఉర్దూ

ఢిల్లీలోనో లక్నోలోనో ఒకామె పొరుగింటి మనిషితో ఇలా అంటుంది: “మేరే భాయీ నే కల్ బాజార్ సే దో కితాబేఁ ఖరీదీఁ.” మా అన్న నిన్న బజార్లో రెండు పుస్తకాలు కొన్నాడని అర్థం. ఈ వాక్యం హిందీయా, ఉర్దూయా అని అడిగితే జవాబు లేదు. వారణాసిలో పుట్టినవారూ, లాహోర్‌లో చదువుకున్నవారూ ఈ మాటను ఇలాగే అంటారు, ఇలాగే అర్థం చేసుకుంటారు. ఆమె దాన్ని కాగితం మీద పెట్టినప్పుడే తేడా తెలుస్తుంది. దేవనాగరిలో ఎడమ నుంచి కుడికి రాస్తే అది హిందీ. నస్తాలీఖ్ లిపిలో కుడి నుంచి ఎడమకు రాస్తే అది ఉర్దూ.

ఈ వాక్యాన్ని కాస్త విప్పి చూస్తే రెండింటికీ పోలిక ఎక్కడుందో తెలుస్తుంది. కొన్నది అన్న, అంటే మగవాడు, ఒక్కడు. అయినా “ఖరీదీఁ” అన్న క్రియ స్త్రీలింగ బహువచనంలో ఉంది. జరిగిపోయిన పనిని చెప్పేటప్పుడు, సకర్మక క్రియ అయితే, కర్తకు “నే” చేరుతుంది. అప్పుడు క్రియ కర్తను వదిలి కర్మ వెంట నడుస్తుంది. “కితాబ్” స్త్రీలింగం, ఇక్కడ రెండున్నాయి, కాబట్టి క్రియ ఆ రూపం ఎత్తింది. తెలుగులో “కొన్నాడు” ఎప్పుడూ కొన్నవాడినే చూస్తుంది గనుక తెలుగువారికి ఈ “నే” మొదట్లో చాలా ఇబ్బంది పెడుతుంది. ఈ చిక్కు హిందీలో ఎంత ఉందో ఉర్దూలోనూ అంతే ఉంది. ప్రాణం లేని వస్తువుకు కూడా లింగం ఉండటం, “కా, కీ, కే”లు తర్వాతి మాటను బట్టి మారటం, కాలాలు, ప్రశ్నలు, వ్యతిరేకార్థాలు అన్నీ రెండింటికీ ఒకటే. ఒక భాషకు ఎముకల గూడు వ్యాకరణమే అనుకుంటే, ఇవి రెండు భాషలు కావు. భాషాశాస్త్రజ్ఞులు ఈ ఉమ్మడి రూపాన్ని హిందుస్తానీ అంటారు. ఢిల్లీ, మేరఠ్, సహారన్‌పూర్ ప్రాంతపు ఖడీబోలీ అనే మాండలికం దీనికి మూలం.

ఇక మాటలు. “భాయీ, కల్, దో” సంస్కృతం నుంచి ప్రాకృతాల మీదుగా అరిగి వచ్చినవి. “బాజార్” పారశీకం, “ఖరీద్” పారశీకం, “కితాబ్” అరబీ. ఈ మూడూ తెలుగులోకీ వచ్చాయి: బజారు, ఖరీదు, తెలంగాణలో కితాబు. నిత్య వ్యవహారంలో హిందీ మాట్లాడేవారు అగర్, లేకిన్, సిర్ఫ్, శాయద్, జరూర్, బాద్ వంటి మాటలు లేకుండా ఒక్క పూట గడపలేరు. ఇవన్నీ అరబీ, పారశీకాల నుంచి వచ్చినవే. అటు ఉర్దూ మాట్లాడేవారి క్రియలు, అంకెలు, చుట్టరికాలు, శరీరభాగాలు దాదాపు అన్నీ ప్రాకృతపు సొత్తు: ఆనా, జానా, హాథ్, ఆంఖ్, పానీ. సయ్యద్ అహ్మద్ దెహల్వీ కూర్చిన “ఫర్హంగె ఆసఫియా” ఉర్దూకు పేరుపడ్డ నిఘంటువు. హైదరాబాద్ ఆసఫ్‌జాహీల పేరే దానికి పెట్టారు. అందులో ఉన్న సుమారు 54 వేల మాటల్లో అరబీవి ఏడున్నర వేలు, పారశీకానివి ఆరు వేలు. రెండూ కలిపినా పావు వంతే. ఉర్దూ అంటే అరబీ, పారశీకాల మయమన్న అభిప్రాయం ఆ భాష నిఘంటువు ముందే నిలవదు.

అయితే ఆ పావు వంతు మాటలు అన్నిచోట్లా సమానంగా పరుచుకుని ఉండవు. వంటింట్లో తక్కువగా, కోర్టులో, పత్రికలో, పాఠ్యపుస్తకంలో ఎక్కువగా ఉంటాయి. హిందీలో సంస్కృత పదాలదీ అదే తీరు. అందుకే వార్తలు మొదలవగానే ఒక భాష రెండుగా చీలిపోతుంది. ప్రధాని నిన్న పార్లమెంటులో విద్యావిధానం మీద ప్రకటన చేశారనే వార్త హిందీలో ఇలా వినపడుతుంది: “ప్రధాన్‌మంత్రీ నే కల్ సంసద్ మేఁ శిక్షా నీతి పర్ వక్తవ్య్ దియా.” ఉర్దూలో: “వజీరె ఆజమ్ నే కల్ పార్లిమెంట్ మేఁ తాలీమీ పాలిసీ పర్ బయాన్ దియా.” నే, కల్, మేఁ, పర్, దియా అన్నవి రెండు వాక్యాల్లోనూ అవే, అదే వరుసలో ఉన్నాయి. బరువైన నామవాచకాలు మాత్రమే మారాయి. వినేవారికి విషయం అందించేవి సరిగ్గా ఆ నామవాచకాలే కాబట్టి, ఒక్క వైపు మాత్రమే తెలిసినవారికి రెండో వాక్యం సగం చీకటిగా ఉంటుంది.

ఈ మాటలు వేర్వేరు చోట్ల నుంచి రావటమే కాదు, కొత్తవి పుట్టే పద్ధతి కూడా వేరు. హిందీ కొత్త మాట కావాలంటే తెలుగులాగే సంస్కృతం దగ్గరికి వెళ్తుంది. ఉపసర్గ చేర్చి, ప్రత్యయం చేర్చి, సమాసం కట్టి మాట తయారు చేస్తుంది: శిక్షా, శిక్షక్, ప్రశిక్షణ్. ఉర్దూ అరబీ ధాతువు దగ్గరికి వెళ్తుంది. అక్కడ సాధారణంగా మూడు హల్లులు స్థిరంగా ఉంటాయి. వాటి మధ్య అచ్చులు మారుస్తూ, ముందో వెనకో ఒక అక్షరం చేరుస్తూ పదకుటుంబం అల్లుకుంటుంది. ఐన్, లామ్, మీమ్ అనే మూడు అక్షరాల నుంచి ఇల్మ్ (జ్ఞానం), ఆలిమ్ (పండితుడు), తాలీమ్ (విద్య), ముఅల్లిమ్ (ఉపాధ్యాయుడు), మాలూమ్ (తెలిసినది), మాలూమాత్ (సమాచారం) వచ్చాయి. హైదరాబాద్ ఆటోడ్రైవర్ నోట వినిపించే “మాలూమ్” ఈ ఇంటిదే. రెండు పదాలను కలపాలంటే ఉర్దూ పారశీకం నుంచి తెచ్చుకున్న “ఎ” అనే చిన్న ముడి వేస్తుంది: వజీరె ఆజమ్ అంటే పెద్ద వజీరు. తెలుగు సమాసంలో విశేషణం సాధారణంగా ముందు వస్తుంది. ఇక్కడ వెనక వస్తుంది. బహువచనాలు కూడా కొన్ని అరబీవే: సవాల్ అంటే ప్రశ్న, సవాలాత్ అంటే ప్రశ్నలు, కితాబ్ పుస్తకమైతే కుతుబ్ పుస్తకాలు. ఉర్దూ వ్యాకరణంలో హిందీకి లేనివంటూ చెప్పుకోదగినవి ఈ రెండే.

ఉర్దూ శాస్త్ర పరిభాష కూర్పులో హైదరాబాద్‌ది పెద్ద చేయి. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మొదట్లో బోధనాభాష ఉర్దూ. అప్పటికి పై చదువులకు కావలసిన పుస్తకాలు ఆ భాషలో లేవు కనుక, అంతకు ముందే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను పెట్టి గణితం, భౌతికశాస్త్రం, వైద్యం, న్యాయం వంటి విషయాలకు మాటలు కట్టించారు. త్రిభుజాన్ని ఉర్దూ పుస్తకం ముసల్లస్ అంటుంది. అరబీలో మూడుకు సంబంధించిన ధాతువు నుంచి వచ్చింది అది. హిందీ త్రిభుజ్ అనే అంటుంది. హిందీకి ఇలాంటి పని చాలా మటుకు స్వాతంత్ర్యం తర్వాత జరిగింది. శాస్త్ర సాంకేతిక పదావళి కోసం కేంద్ర ప్రభుత్వం 1961లో ఒక శాశ్వత సంఘాన్నే పెట్టింది. ఇద్దరూ చేసింది ఒకే రకమైన పని. ఇద్దరూ ఒకే ఉమ్మడి వాక్యంలోకి వేర్వేరు గాదెల నుంచి గింజలు తెచ్చి పోశారు.

ఈ చీలిక ఎప్పుడో ప్రాచీన కాలంలో వచ్చింది కాదు. ఢిల్లీ చుట్టుపక్కల జనభాష సైన్యాలతో, సూఫీలతో, వర్తకులతో దక్కనుకు దిగి ఇక్కడే ముందు సాహిత్యభాషగా ఎదిగింది. గోల్కొండ పాలకుడు ముహమ్మద్ కులీ కుతుబ్‌షా (1565–1612) దక్కనీలో కవిత్వం రాశాడు. ఉత్తరాదిలో పారశీకమే దర్బారు భాషగా ఉండగా, దక్కను కవి వలీ గజళ్లు 18వ శతాబ్దం మొదట్లో ఢిల్లీకి చేరాక అక్కడి కవులు కూడా జనభాషలో రాయటానికి ఉత్సాహపడ్డారు. ఆ భాషను హిందవీ, హిందీ, రేఖ్తా అని రకరకాలుగా పిలిచేవారు. ఉర్దూ అనే పేరు బాగా ఆలస్యంగా స్థిరపడింది. గాలిబ్ ఉర్దూ ఉత్తరాల సంపుటి 1868లో “ఊదె హిందీ” అనే పేరుతో వెలువడిందంటే, అప్పటికీ ఆ పేర్ల మధ్య గోడ లేనట్టే.

గోడకు పునాది కలకత్తాలో పడిందని చాలామంది చరిత్రకారులు చూపిస్తారు. 1800లో ఈస్టిండియా కంపెనీ తన ఉద్యోగులకు దేశభాషలు నేర్పటానికి ఫోర్ట్ విలియం కళాశాల పెట్టింది. అక్కడ జాన్ గిల్‌క్రిస్ట్ పర్యవేక్షణలో మీర్ అమ్మన్ “బాగ్ ఒ బహార్” రాశాడు, లల్లూలాల్ “ప్రేమ్‌సాగర్” రాశాడు. మొదటిది పారశీక లిపిలో, ఢిల్లీ పలుకుబడిలో. రెండోది నాగరిలో, పారశీక, అరబీ మాటలను పక్కన పెట్టి. ఒకే కళాశాల నుంచి రెండు వచన నమూనాలు బయటికి వచ్చాయి. అదే కాలంలో ఇన్షా అల్లా ఖాన్ “రానీ కేత్‌కీ కీ కహానీ” రాస్తూ పరాయి భాషల మాట ఒక్కటీ రానివ్వకూడదని పట్టుపట్టాడు. అటు పారశీకమూ లేదు, ఇటు సంస్కృతపు బరువూ లేదు. ఈ కథను హిందీ సాహిత్య చరిత్రలూ, ఉర్దూ సాహిత్య చరిత్రలూ తమదిగానే చెప్పుకుంటాయి. ఆ మూడో దారి ఎవరూ నడవక మూసుకుపోవటం నిజంగా విచారించదగిన విషయం.

తర్వాతి వాదం కవిత్వం గురించి కాదు, ఉద్యోగాల గురించి. 1837 తర్వాత కచేరీల్లో పారశీకాన్ని తీసేసినప్పుడు ఉత్తరాదిలో చాలా చోట్ల ఆ స్థానం ఉర్దూకు వచ్చింది. నాగరి మాత్రమే చదివినవారికి గుమాస్తా కొలువు కూడా దూరమైంది. 1893లో వారణాసిలో నాగరీ ప్రచారిణీ సభ పుట్టింది. 1900లో వాయవ్య పరగణాలు, అవధ్ ప్రభుత్వం కచేరీల్లో నాగరిని కూడా అనుమతించింది. లిపి మతానికి గుర్తుగా మారింది ఈ పోరాటంలోనే. ఆ మధ్యలో నిలబడి రాసినవాడు ప్రేమ్‌చంద్. ఆయన ఉర్దూలో మొదలుపెట్టి హిందీకి మళ్లాడు. “బాజారె హుస్న్” నవలను ముందు ఉర్దూలోనే రాసినా, 1919లో “సేవాసదన్” పేరుతో హిందీలోనే మొదట అచ్చయింది. దేశ విభజన తర్వాత పాకిస్తాన్ ఉర్దూను జాతీయభాష చేసుకుంది. భారత రాజ్యాంగం 343వ అధికరణంలో దేవనాగరి లిపిలోని హిందీని కేంద్ర అధికారభాషగా పెట్టి, 351వ అధికరణంలో కొత్త మాటలకు ప్రధానంగా సంస్కృతం వైపు చూడమంది. ఎనిమిదో షెడ్యూలులో మాత్రం హిందీకీ ఉర్దూకీ వేర్వేరు చోట్లు ఉన్నాయి.

నేర్చుకోబోయేవారికి ఎక్కువ శ్రమ పెట్టేది లిపి. దేవనాగరి తెలుగువారికి సగం తెలిసినట్టే. క ఖ గ ఘ ఙ వరుస అదే, గుణింతపు తర్కం అదే, మారేది అక్షరాల రూపం. పొరపాట్లు వచ్చేది వేరే చోట. పదం చివరి “అ” రాతలో ఉన్నా పలకదు: కమల అని రాసి ఉన్నదాన్ని కమల్ అని చదవాలి. మాట మధ్యలో కూడా ఇలా “అ” జారిపోతుంది. ఎ, ఏలకు వేర్వేరు గుర్తులు ఉండవు. అన్నిటికంటే ఎక్కువగా పట్టిచ్చేవి ఒత్తులు. తెలుగు మాటల్లో ఖ, ఘ, భలు రాతలో ఉన్నా నోట్లో తేలిపోతాయి. హిందీలో “ఖానా” అంటే తిండి, “కానా” అంటే ఒంటికన్నువాడు. ఉర్దూ నేర్చినా ఈ ఒత్తు తప్పదు.

నస్తాలీఖ్ లిపి అలా కాదు, కొత్త పద్ధతి. అక్షరం మాట మొదట్లో, మధ్యలో, చివర్లో వేర్వేరు ఆకారాలు తీసుకుంటుంది. మాట కుడి పైనుంచి ఎడమ కిందికి జారుతుంది. అయితే ఆకారాలు చేతికి తొందరగానే అలవాటవుతాయి. అసలు కష్టం హ్రస్వాచ్చులు రాయకపోవటం. అలిఫ్, సీన్ అనే రెండక్షరాలు పక్కపక్కన ఉంటే అది “ఇస్” కావచ్చు, “ఉస్” కావచ్చు, అంటే ఈ, ఆ. మీమ్, యే, నూన్ గున్నా కలిస్తే “మైఁ” (నేను) కావచ్చు, “మేఁ” (లో) కావచ్చు. ఇవి అరుదైన మాటలు కావు, ప్రతి పేజీలో పదిసార్లు వచ్చేవి. ఉర్దూ చదివేవారు అక్షరాలు కూడబలుక్కోరు, వాక్యం తెలుసు కనుక మాటను గుర్తుపడతారు. అందుకే మాట్లాడటం బొత్తిగా రాకుండా ఉర్దూ లిపితో మొదలుపెట్టినవారు చాలాసార్లు మధ్యలో ఆగిపోతారు. నోటికి కొంత భాష వచ్చాక అదే లిపి చకచకా సాగుతుంది.

రాయటంలో ఇంకో చిక్కు. జీరో అనేటప్పుడు వచ్చే “జ” ధ్వనికి ఉర్దూలో నాలుగు అక్షరాలున్నాయి: జమీన్‌లో ఒకటి, జరాలో ఒకటి, జరూర్‌లో ఒకటి, జాలిమ్‌లో ఒకటి. స కు మూడు, త కు రెండు, హ కు రెండు. అరబీలో వీటికి వేర్వేరు ధ్వనులుండేవి. ఉర్దూ నోట్లో అవి కలిసిపోయినా రాతలో మిగిలాయి. వినికిడిని బట్టి రాసే అలవాటున్న తెలుగువారికి ఇది అన్యాయంగా తోస్తుంది గానీ, దీనివల్ల ఒక లాభం ఉంది. జుల్మ్, జాలిమ్, మజ్లూమ్ మూడింటిలోనూ ఒకే “జ” ఉంటుంది కనుక, కొత్త మాట ఎదురైతే ఏ కుటుంబానిదో కంటికే తెలిసిపోతుంది. దేవనాగరిలో ఈ ధ్వనికి కింద చుక్క పెట్టిన జ వాడతారు, చాలామంది ఆ చుక్కను వదిలేస్తారు. చుక్క పోయిన చోట పలుకు కూడా తారుమారవుతుంది. దీనికి తలకిందుగా, చుక్క లేని “ఫిర్” అనే అచ్చ ప్రాకృతపు మాటను ఇంగ్లీషు ఎఫ్ ధ్వనితో పలకటం ఇప్పుడు సర్వసాధారణం. ఫోన్లలో, వెబ్‌సైట్లలో ఉర్దూ తరచు నస్ఖ్ అనే సూటి అరబీ రూపంలో కనపడుతుంది. నస్తాలీఖ్‌లో చదవటం నేర్చినవారు మొదటిసారి చూసి అది వేరే లిపి అనుకుంటారు. అక్షరాలు అవే, రాత తీరు వేరు.

పదాల విషయంలో తెలుగువారికి రెండు గాదెల్లోనూ వాటా ఉంది, రెండు చోట్లా గోతులూ ఉన్నాయి. హిందీ వార్తల్లోని సంస్కృత పదం వినగానే అర్థమైనట్టే ఉంటుంది. కానీ శిక్షా అంటే చదువు, దండన కాదు. అవసర్ అంటే అవకాశం, ఉపన్యాస్ అంటే నవల, సంసార్ అంటే లోకం, అనుమాన్ అంటే అంచనా. అటు జిల్లా, వకీలు, జప్తు, రద్దు, హక్కు, దస్తావేజు వంటి కచేరీ మాటలు తెలిసిన తెలుగు రైతు ఉర్దూ పాలనా పరిభాషలో సగం దూరం నడిచేసినట్టే. అక్కడా జాగ్రత్త కావాలి: ఉర్దూలో రాజీనామా అంటే రాజీ పత్రం, ఉద్యోగం వదలటం ఇస్తీఫా. ఫర్యాద్ అంటే మొర. మనం ఫిర్యాదు అనేదాన్ని అక్కడ శికాయత్ అంటారు.

హైదరాబాద్‌లో చెవితో పట్టుకున్న భాష కథ మరొకటి. అక్కడి వీధుల్లో వినపడేది దక్కనీ. “నక్కో” మరాఠీ నుంచి వచ్చింది, బహువచనాలు “లోగాఁ, బాతాఁ” అని ఉంటాయి, పైన చెప్పిన “నే” దాదాపు కనపడదు. పుస్తకపు భాష “మైఁ నే కహా” అంటే దక్కనీ “మైఁ బోలా” అంటుంది. కులీ కుతుబ్‌షా కాలం నుంచి బతికున్న ఈ భాషను తప్పుల తడక అనటం తెలియక అనే మాట. కాకపోతే పరీక్ష హిందీదైనా ఉర్దూదైనా “నే” వదిలితే మార్కులు పోతాయి. దక్కనీ చెవి ఉన్నవారు ముందుగా సరిచూసుకోవలసింది ఇదొక్కటే.

ఇక ఎంపిక. సినిమాలు, పాటలు, ప్రయాణాలు, మాటామంతీ కోసమైతే ఏది నేర్చినా అదే భాష వస్తుంది. తక్కువ శ్రమతో చదవటం వచ్చేది గనుక దేవనాగరితో మొదలుపెట్టటం మంచిది. కేంద్ర ప్రభుత్వ కొలువులు, ఉత్తరాది విశ్వవిద్యాలయాలు, హిందీ పత్రికలు లక్ష్యమైనా దారి అదే. గజల్‌ను అసలు లిపిలో చదవాలన్నా, హైదరాబాద్ నుంచి వెలువడే సియాసత్ వంటి దినపత్రికలు తిరగేయాలన్నా, పాకిస్తాన్ రచయితలను చదవాలన్నా ఉర్దూ. తెలంగాణ చరిత్ర మీద, పాత భూమి తగాదాల మీద పనిచేసేవారికి మాత్రం ఇది ఇష్టంతో తేలే విషయం కాదు. నిజాం కాలపు రెవెన్యూ దస్తావేజులు, తీర్పులు చాలావరకు ఉర్దూలో చేతిరాతతో ఉన్నాయి. నాగరి ఎంత వచ్చినా వాటిని చదవలేరు. అచ్చు నస్తాలీఖ్ వచ్చినవారికి కూడా ఆ గొలుసుకట్టు రాతకు వేరుగా సాధన కావాలి.

రెండూ కావాలనుకునేవారు రెండు వ్యాకరణ పుస్తకాలు కొననక్కర్లేదు. ఒకటి మాట్లాడేంత వచ్చాక, ప్రేమ్‌చంద్ కథ ఒకటి రెండు లిపుల్లోనూ సంపాదించి, తెలిసిన లిపిలో ముందు చదివి, అదే కథను రెండో లిపిలో చూస్తే, వాక్యం ముందే తెలుసు గనుక “ఇస్”, “ఉస్”ల తికమక అక్కడికక్కడే తీరిపోతుంది. ఆ తర్వాత మిగిలేది పదజాలం. అది ఎంత మిగిలిందో తెలుసుకోవాలంటే ఒకే రోజు హిందీ బులెటిన్, ఉర్దూ బులెటిన్ వినాలి. నాటకంలో సంభాషణ అంతా అర్థమై, వార్తల్లో మాత్రం “కల్”, “దియా”ల మధ్యనున్నవి అందకపోతే, లోటు భాషలో లేదు, నామవాచకాల్లోనే ఉంది. అప్పుడు మళ్లీ మొదటి పాఠానికి వెళ్లే పని లేదు. అందని మాటలను వార్తల నుంచే ఏరి, హిందీవైతే ఉపసర్గ ప్రకారం, ఉర్దూవైతే ధాతువు ప్రకారం ఒకచోట చేర్చి రాసుకుంటే సరిపోతుంది.